మసాలా కంపెనీకి బ్రాండ్ పేరు: ఎంపిక, పరిశీలన

పొట్లం కట్టి అమ్మే కారం, పసుపు, ధనియాల పొడి, సాంబారు పొడి వంటి సరుకు ఎవరిదో కొనేవాళ్లు గుర్తుపట్టడానికి ప్యాకెట్ మీద వేసే పేరే బ్రాండ్ పేరు. చట్టం దీన్ని ట్రేడ్‌మార్క్‌గా చూస్తుంది. భారతదేశంలో దీనికి ఆధారం 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం. అది 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దరఖాస్తు పద్ధతులు, రుసుములు 2017 నిబంధనల ప్రకారం నడుస్తున్నాయి. పొడి చేసిన మసాలా దినుసులను విడిగా అమ్మకూడదని, ప్యాకెట్ చేసే అమ్మాలని ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి మర పట్టించిన కారాన్ని ఊరు దాటించి అమ్మాలనుకున్న ప్రతివాళ్లకూ ప్యాకెట్ కావాలి, దాని మీద పేరు కావాలి. అందుకే ఈ వ్యాపారంలో పేర్ల రద్దీ ఎక్కువ.

ఈ రంగంలో నిలబడిన పేర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. ఎండీహెచ్ అంటే పంజాబీలో 'మహాశియాఁ దీ హట్టీ', అంటే మహాశయుల దుకాణం. 1919లో సియాల్‌కోట్‌లో మొదలైన ఆ దుకాణం దేశవిభజన తర్వాత ఢిల్లీకి చేరింది. ఎంటీఆర్‌లో ఎం అంటే బెంగళూరులోని మావళ్లి పేట, మిగతా రెండక్షరాలు టిఫిన్ రూమ్స్. చెన్నై సంస్థ ఆచి పేరు తమిళంలో పెద్దావిడను గౌరవంగా పిలిచే మాట. ఈరోడ్ సంస్థ దేవత పేరైన శక్తిని పెట్టుకుంది. ముంబై సంస్థ ఎవరెస్ట్ అని కొండ పేరు పెట్టుకుంది. ఈ అయిదింటిలో ఒక్కదాంట్లోనూ కారం, ఘాటు, రుచి, మసాలా అన్న మాట లేదు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు మాత్రం సాధారణంగా ఆ మాటలతోనే మొదలుపెడతారు. చిక్కు అక్కడే వస్తుంది.

సరుకును వర్ణించే పేర్లు

సరుకు స్వభావాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును మాత్రమే చెప్పే పేరును రిజిస్టర్ చేయకూడదని చట్టంలోని 9వ సెక్షన్ అంటుంది. కారాన్ని కారమని, ఘాటైన కారాన్ని ఘాటైనదని చెప్పుకునే హక్కు ఆ వ్యాపారంలో ఉన్న అందరికీ ఉండాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఏళ్ల తరబడి వాడగా వాడగా ఆ మాట వినగానే జనానికి ఒక్క సంస్థే గుర్తొచ్చే స్థితి వస్తే మినహాయింపు ఉంది. కానీ ఆ స్థితిని కాగితాలతో రుజువు చేయాలి. నిన్న పెట్టిన కంపెనీకి అది అందే పండు కాదు.

మసాలా మాటల మీదే నడిచిన ఒక పెద్ద వ్యాజ్యం ఈ సంగతిని బాగా చూపిస్తుంది. ఐటీసీ తన నూడుల్స్‌లో ఒక రకానికి 'మ్యాజిక్ మసాలా' అని పేరు పెట్టింది. తర్వాత నెస్లే తన నూడుల్స్‌కు 'మ్యాజికల్ మసాలా' అని వాడింది. ఐటీసీ కోర్టుకు వెళ్లింది. 2020లో మద్రాసు హైకోర్టు ఐటీసీ వాదనను అంగీకరించలేదు. మసాలా అనేది సరుకు పేరు, మ్యాజిక్ అనేది సరుకును మెచ్చుకునే మామూలు మాట, ఈ రెండింటినీ కలిపినంత మాత్రాన అవి ఒకరి సొత్తు కావని తేల్చింది. అదే ఏడాది అప్పీలులోనూ ఆ తీర్పే నిలిచింది. అంత డబ్బు, అంత ప్రచారం ఉన్న సంస్థే మెచ్చుకోలు మాటను తనదిగా నిలుపుకోలేకపోయింది. మరి తెనాలిలో కొత్తగా మొదలయ్యే కంపెనీకి 'సూపర్ కారం' అన్న పేరు ఏ రక్షణ ఇస్తుంది?

ఊరి పేర్లకూ ఇదే కథ. గుంటూరు అనగానే మిరప గుర్తొస్తుంది కాబట్టే ఆ మాట ఎవరి బ్రాండూ కాలేదు. పైగా 'గుంటూరు సన్నం' మిర్చికి భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. 2025లో వరంగల్ చపాటా మిర్చికీ అది వచ్చింది. ఆ గుర్తింపు ఆ ప్రాంతపు రైతులందరిదీ. వేరే చోట పండిన మిరపకు ఆ పేరు తగిలించి జనాన్ని పొరబాటు పట్టించే ట్రేడ్‌మార్క్‌ను భౌగోళిక సూచికల చట్టం తిరస్కరిస్తుంది. నిజంగా గుంటూరు మిరపే వాడితే ప్యాకెట్ వెనుక ఆ మాట రాసుకోవచ్చు. అది సరుకు వివరమే తప్ప బ్రాండ్ కాదు. పక్క కంపెనీ కూడా అదే రాసుకుంటుంది.

మరో రకం పేర్లు రిజిస్ట్రీ దాటినా ఆహార భద్రత సంస్థ దగ్గర ఆగుతాయి. 'స్వచ్ఛ', 'అసలైన', 'సంప్రదాయ', 'సహజ' వంటి విశేషణాలు బ్రాండ్ పేరులో ఉండి అవి కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా ఉంటే, ఇది బ్రాండ్ పేరు మాత్రమేనని, సరుకు నిజ స్వభావాన్ని చెప్పేది కాదని లేబుల్ మీద 3 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో అచ్చు వేయాలని 2018 ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. పైన 'స్వచ్ఛం', కింద 'ఇది పేరు మాత్రమే' అని ఉన్న ప్యాకెట్‌ను చదివిన ఇల్లాలు ఏమనుకుంటుందో చెప్పనక్కర్లేదు. అవే నిబంధనలు ఫ్యాక్టరీ సరుకును 'ఇంట్లో చేసింది' అని భ్రమ కలిగించే మాటలనూ వద్దంటాయి. అమ్మచేతి, ఇంటివంట, పెరటి వంటి పేర్ల మీద మోజు పడేవాళ్లు ఈ గడప కూడా చూసుకోవాలి.

దేవుడి పేరు

తెలుగునాట వ్యాపారానికి దేవుడి పేరు పెట్టడం ఆనవాయితీ. తప్పేమీ లేదు, కానీ దాని మీద హక్కు పల్చగా ఉంటుంది. శ్రీ వెంకటేశ్వర, సాయి, లక్ష్మి, దుర్గ అన్న పేర్లతో ఏ ఊళ్లో చూసినా మరలు, కొట్లు, హోటళ్లు కనిపిస్తాయి. ఇంతమంది వాడే పేరును ఒకరే తమదనలేరు. 2015లో సుప్రీంకోర్టు ముందుకు అగరబత్తులకు పెట్టిన 'రామాయణ్' పేరు వచ్చింది. పవిత్ర గ్రంథం పేరును సరుకు అమ్ముకోవడానికి ఒకరు సొంతం చేసుకోలేరని కోర్టు చెప్పింది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులను చట్టం విడిగానూ నిషేధించింది. సంస్థకు దేవుడి పేరు, ప్యాకెట్‌కు వేరే పేరు పెట్టుకోవడం చాలామంది పాటించే పద్ధతి. అదే మేలు కూడా.

సరుకు వేరైతే ఎంత పేరున్న మాటైనా వాడుకోవచ్చన్న ధీమా కూడా పనికిరాదు. బెంగళూరు అగరబత్తుల వ్యాపారి ఒకరు తన సరుకు పేరులో 'ఈనాడు' అన్న మాట పెట్టుకున్నారు. ఆ మాట నిఘంటువులో ఉన్న మామూలు తెలుగు మాటే. పత్రికకూ అగరబత్తికీ పోలికే లేదు. అయినా 2011లో సుప్రీంకోర్టు తీర్పు పత్రిక యాజమాన్యం వైపే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట వినగానే జనానికి ఫలానా సంస్థ గుర్తొస్తుందన్నదే కారణం.

చెవితో పరీక్ష

మసాలా పేరును కొనేవాళ్లు చదివే దానికన్నా పలికేదే ఎక్కువ. కిరాణా కొట్టు ముందు నిలబడి "అన్నా, ఫలానా కారం పావుకిలో" అంటారు. కొట్టాయన డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్‌లో ఆర్డరు చెబుతాడు. పేరు కంటితో కన్నా చెవితోనే ఎక్కువ ప్రయాణం చేస్తుంది. కోర్టులూ అలాగే చూస్తాయి. 1962లో అమృతధార, లక్ష్మణధార అన్న మందుల పేర్ల మధ్య తగవులో సుప్రీంకోర్టు ఒక కొలత పెట్టింది. పేర్లను ముక్కలు చేసి పక్కపక్కన పెట్టి చూడకూడదు. సాధారణ తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మామూలు కొనుగోలుదారు మొత్తంగా విన్నప్పుడు పొరబడతాడా లేదా అన్నది చూడాలి. ఆ కొలతతో ఆ రెండు పేర్లూ దగ్గరగానే ఉన్నాయని తేల్చింది. కొన్ని ప్రత్యేక కారణాల వల్ల లక్ష్మణధారను ఉత్తరప్రదేశ్ వరకే అనుమతించింది. అంతకు ముందు 1959లో గ్లూకోవిటా, గ్లూవిటా కూడా ఇలాగే తగాదా పడ్డాయి. గ్లూవిటా బిస్కెట్లకు రిజిస్ట్రేషన్ దక్కలేదు.

పొడి అక్షరాలతో పేరు పెడితే తప్పించుకోవచ్చనుకోవడం కూడా పొరబాటే. ఎర్ర రంగు మీద మూడు షడ్భుజాల్లో ఎండీహెచ్ అని ఉండే గుర్తుకు పోటీగా అదే తరహా షడ్భుజాల్లో 'ఎంహెచ్‌ఎస్' అని వేసుకున్న మసాలా వ్యాపారిని 2011లో ఢిల్లీ హైకోర్టు ఆపింది. అక్షరాల పేర్లలో అర్థం ఉండదు. అందువల్ల గుర్తుండేది ఆకారమూ వరసే. ఒక అక్షరం మార్చినంత మాత్రాన తేడా పట్టదు.

తెలుగు చెవికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఒత్తక్షరాలు వాడుకలో తేలిపోతాయి. 'ఘాటు' అని ముద్రించిన పేరు నోట్లో 'గాటు' అవుతుంది. గాటు అంటే కత్తి గాయం. శ, ష, స తేడా చాలామంది నోట వినపడదు. ణ, ళలు న, లలు అవుతాయి. సిరి, శ్రీ అన్నవి ఫోన్‌లో ఒకదానికొకటి తారుమారవుతాయి. కాబట్టి పేరు పెట్టేముందు ఒక చిన్న ప్రయోగం చేయాలి. పేరు ఎన్నడూ వినని అయిదారుగురికి ఫోన్ చేసి, ఒక్కసారే పలికి, విన్నది తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయమనాలి. వాళ్లు రాసిన రకరకాల స్పెల్లింగులను పారేయకూడదు. రిజిస్ట్రీలో వెతకాల్సిన జాబితా అదే.

పొరుగు భాషల చెవీ చూడాలి. పులి తెలుగులో అడవి జంతువు. తమిళంలో కొద్ది తేడాతో పలికే మాటకు చింతపండు అని అర్థం. తమిళుడికి పులి బొమ్మ ఉన్న పులిహోర పొడి వేళాకోళంగా కనిపిస్తుంది. మనకు పప్పు అన్నంలోకి. హిందీలో ఎవరినైనా పప్పు అన్నారంటే అమాయకుడని ఎగతాళి చేసినట్టు. గాలిపటం ముచ్చటైన పేరే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మొదటి సగం హిందీవాళ్లకు తిట్టులా చదువుకుంటుంది. హైదరాబాదు దాటి అమ్మే ఉద్దేశం లేకపోతే వీటిని పట్టించుకోనక్కర్లేదు. ఉంటే మాత్రం ప్యాకెట్ అచ్చయ్యాక తెలుసుకోవడం కన్నా ముందే అడగడం నయం.

ఒక పేరును వెతికి చూడటం

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని, తెనాలిలో మర పట్టించి ప్యాకెట్లు వేయాలనుకున్న అన్నదమ్ములు 'రోకలి' అన్న పేరు అనుకున్నారు. కారాన్ని సూటిగా వర్ణించదు, కానీ దంచిన కారాన్ని గుర్తుచేస్తుంది. ఇలా సూచించే పేర్లకు చట్టంలో వర్ణించే పేర్ల కన్నా బలం ఎక్కువ. సరుకుతో సంబంధమే లేని పేర్లకు, కొత్తగా పుట్టించిన పేర్లకు ఇంకా ఎక్కువ.

వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉంది. అక్కడ మూడు దారులున్నాయి. మాటతో వెతకడం, ఉచ్చారణతో వెతకడం, బొమ్మతో వెతకడం. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. మసాలా పొడులు, ఉప్పు, పిండి, టీ, కాఫీలు 30వ తరగతిలోకి వస్తాయి. ఆవకాయ, గోంగూర వంటి నిల్వ పచ్చళ్లు, వంటనూనెలు 29వ తరగతిలోకి. తెలుగు మసాలా కంపెనీ ఏదైనా రెండో ఏడాదికల్లా పచ్చళ్లలోకి దిగుతుంది కాబట్టి రెండు తరగతులూ మొదటే వెతకాలి. సొంత దుకాణం పెట్టే ఆలోచన ఉంటే 35వది కూడా.

చాలామంది చేసే తప్పు, పేరును పూర్తిగా టైపు చేసి, అచ్చంగా అదే లేదని తెలియగానే సంబరపడటం. పేరు మూలాన్ని వెతకాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరు ఎలా రాసినా దొరికేలా ముక్కలు వేయాలి.

```
Wordmark, Start With: ROKA
Wordmark, Start With: ROCA
Wordmark, Contains: OKAL
Phonetic: ROKALI
Wordmark, Contains: PESTLE
Wordmark, Contains: ONAKE
Wordmark, Contains: ULAKKAI
```

చివరి మూడూ అర్థం కోసం. రోకలిని ఇంగ్లీషు, కన్నడ, తమిళ భాషల్లో ఏమంటారో ఆ మాటలు. తెలుగు లిపిలో ఉన్న గుర్తుకు దరఖాస్తు చేసినప్పుడు దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసివ్వాలని నిబంధన ఉంది. అర్థం కలిసే పాత గుర్తులూ పరిశీలకుడి కంట పడతాయన్న మాట. తెలుగు లిపి లేబుళ్లలో కొన్ని పట్టికలో మాటలుగా కాక బొమ్మలుగా నమోదై ఉంటాయి. వాటిని వియన్నా కోడ్‌లతో వెతకాలి. మొక్కలు, కాయలు 5వ వర్గంలో, ఇంటి పాత్రసామాను 11వ వర్గంలో ఉంటాయి. మిరపకాయలు, రోకలి కలిసిన బొమ్మ వేయాలనుకుంటే రెండూ తిరగేయాలి.

ఈ వెతుకులాటలో రెండు ఫలితాలు వచ్చాయనుకుందాం. మొదటిది 3వ తరగతిలో అగరబత్తులకు ఉన్న పేరు, Registered అని ఉంది. రెండోది 30వ తరగతిలో, ROKALLU, స్థితి Objected, వాడకం 2016 నుంచి అని ఉంది. అన్నదమ్ములు మొదటిదాన్ని చూసి భయపడ్డారు, రెండోదాన్ని చూసి ఊరటపడ్డారు. అడ్డం తిరిగింది అక్కడే. అగరబత్తుల పేరు అంత ప్రసిద్ధం కాదు, సరుకు వేరు, కాబట్టి దానితో చిక్కు తక్కువ. Objected అంటే దరఖాస్తు కొట్టేశారని కాదు. పరిశీలకుడు అభ్యంతరం చెప్పాడు, జవాబు కోసమో విచారణ కోసమో ఆగి ఉంది, అంతే. దరఖాస్తు బతికే ఉంది, వాళ్ల తేదీ ముందుంది. పైగా వాడకం 2016 నుంచి. Abandoned అని ఉన్నా నిశ్చింత లేదు. దరఖాస్తును వదిలేసినవాళ్లు వ్యాపారాన్ని వదిలేశారని అర్థం కాదు. కొట్లలో సరుకు అమ్ముతూనే ఉండవచ్చు. Removed అని ఉంటే పునరుద్ధరణ రుసుము కట్టలేదన్న మాట. గడువు దాటిన ఏడాదిలోపు దాన్ని తిరిగి నిలుపుకునే వీలు వాళ్లకుంది.

రోకలి, రోకళ్లు ఒకదానికొకటి ఏకవచనం, బహువచనం. అమృతధార కొలత పెడితే దొరికిపోతాయి. ముందు 'సిరి' చేర్చి 'సిరి రోకలి' అంటే సరిపోతుందా అని అన్నదమ్ముల్లో చిన్నాయన అడిగాడనుకుందాం. సరిపోదు. ఎవరి నోట విన్నా నిలిచే మాట రోకలే. పాతవాళ్ల నుంచి అంగీకార పత్రం తెచ్చుకునే దారి చట్టంలో ఉంది కానీ, ఒకే తరగతిలో ఒకే సరుకు అమ్ముకునేవాళ్లు దాన్ని ఇస్తారనుకోవడం దురాశ. పేరు మార్చడమే చవక.

వాళ్లు రెండోసారి 'తూనీగ' అన్నారు. సరుకుతో సంబంధం లేదు, బొమ్మ వేయడానికి అందంగా ఉంటుంది, ఎర్ర తూనీగ కారం రంగుకూ నప్పుతుంది. ఇంట్లో ఆడవాళ్లు ఒక్కమాటతో కొట్టేశారు: కారం ప్యాకెట్ మీద పురుగు బొమ్మా? ఏ చట్టంలోనూ లేని ఈ పరీక్ష కూడా ముఖ్యమే. మూడోసారి 'పల్లకి' అన్నారు. 'ఘ' లాంటి ఒత్తక్షరాలు లేవు, కన్నడంలో, తమిళంలో, హిందీలో దగ్గరి మాటలు, అర్థం మంగళకరం. కానీ ఆ దగ్గరితనం వెతుకులాటను పెంచుతుంది. PALLAKI తో పాటు PALKI, PALAKI, PALLAKKU కూడా చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎల్ తగ్గితే హిందీవాళ్లకు పాలకూర గుర్తొస్తుంది కాబట్టి రెండు ఎల్‌ల స్పెల్లింగ్‌నే స్థిరం చేసుకోవాలి. ఇలా ప్రతి పేరుకూ ఏదో ఒక సణుగుడు ఉంటుంది. ఏ సణుగుడు సర్దుకుపోదగినదో, ఏది కోర్టు దాకా వెళ్లేదో వేరు చేయడమే పరిశీలన.

అంగడిలో వాకబు

రిజిస్ట్రీలో లేని పేరు బజారులో ఉండవచ్చు. ఒక జిల్లాలో ముప్పై ఏళ్లుగా కారం అమ్ముతూ రిజిస్ట్రేషన్ మొహం చూడని మరలు తెలుగునాట లెక్కలేనన్ని. చట్టం వాళ్లను వదిలేయలేదు. 34వ సెక్షన్ ప్రకారం ముందునుంచీ వాడుతున్నవాళ్లను తర్వాత వచ్చి రిజిస్టర్ చేసుకున్నవాళ్లు ఆపలేరు. పైగా వాళ్లే కొత్తవాళ్ల మీద దావా వేయవచ్చు. తిరునెల్వేలి హల్వా వ్యవహారం దీనికి మంచి సాక్ష్యం. వెలుతురు సరిగా లేని కొట్టు కావడంతో 'ఇరుట్టు కడై', అంటే చీకటి కొట్టు, అన్న పేరు దానికి స్థిరపడింది. ఆ మాటనే తమ పేరులో పెట్టుకున్న మరొకరి దగ్గరా రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. 2015లో సుప్రీంకోర్టు ముందునుంచి వాడినవాళ్ల హక్కే కాగితం కన్నా మిన్న అని చెప్పింది.

కాబట్టి అన్నదమ్ములు ల్యాప్‌టాప్ మూసి బయలుదేరాలి. హైదరాబాదు బేగంబజార్, విజయవాడ వన్‌టౌన్ వంటి హోల్‌సేల్ బజార్లలో మసాలా డిస్ట్రిబ్యూటర్లను "పల్లకి పేరుతో ఏదైనా సరుకు వస్తోందా?" అని అడగాలి. ఒకళ్లను కాదు, పది మందిని. దాంతోపాటు అమ్మకపు యాప్‌లలో, ఆహార లైసెన్సుల పట్టికలో, కంపెనీల పట్టికలో, ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా చూడాలి. ఈ మధ్య ఇంటి నుంచి పొడులు అమ్మే మహిళలు చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉన్నారు. వాళ్ల పోస్టుకు తేదీ ఉంటుంది. ముందు వాడకానికి అది కూడా ఒక సాక్ష్యమే.

కంపెనీ పేరు ఆమోదం వస్తే చాలనుకోవడం తరచూ కనిపించే అపోహ. కంపెనీ పెట్టేటప్పుడు పేరు కోసం నింపే ఫారం పేరు, కాకతాళీయంగా, 'స్పైస్ ప్లస్'. ఆ పేరుకు మసాలాతో సంబంధం లేదు. కొత్త కంపెనీకి ఆమోదించిన పేరును 20 రోజులు ఆపి ఉంచుతారు. ఆమోదం దొరికినంత మాత్రాన ప్యాకెట్ మీద వాడే హక్కు రాదు. పైగా రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్ యజమాని కంపెనీ పెట్టిన మూడేళ్లలోపు ఫిర్యాదు చేస్తే కంపెనీ పేరే మార్చుకోవాల్సి వస్తుంది. జీఎస్టీ నంబరు, ఆహార లైసెన్సు కూడా అంతే. అవి పన్నుకు, పరిశుభ్రతకు సంబంధించినవి. పేరుకు కావు.

అమెరికాకో గల్ఫ్‌కో పంపే ఆలోచన ఉంటే భారత రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. ఏ దేశానికా దేశం. 2013 నుంచి భారతదేశం మాడ్రిడ్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగా ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో రక్షణ కోరవచ్చు. అమెరికా పరిశీలకులు విదేశీ మాటలను ఇంగ్లీషులోకి మార్చి చూస్తారు. తెలుగు మాటే కదా, అక్కడెవరికి తెలుస్తుందిలే అనుకుంటే కుదరదు.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై ట్రేడ్‌మార్క్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఫారం పేరు టీఎం-ఎ. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు తరగతికి రూ. 4,500, మిగతావాళ్లకు రూ. 9,000. 29, 30 రెండు తరగతులకైతే రెట్టింపు. సరుకు ఇంకా అమ్మకపోతే 'వాడబోతున్నాం' అని రాయాలి. ఇప్పటికే అమ్ముతున్నామంటే మొదటి బిల్లు తేదీతో ప్రమాణపత్రం, ఆధారాలు పెట్టాలి. ఇక్కడ తేదీని వెనక్కి జరిపి రాసేవాళ్లున్నారు. రేపు తగాదా వచ్చినప్పుడు ఆ బిల్లు చూపమంటారు. లేని బిల్లు పుట్టించలేరు.

అక్షరాలను మాత్రమే రిజిస్టర్ చేయాలా, బొమ్మతో కలిపిన లేబుల్‌నా అన్నది తర్వాతి ప్రశ్న. పేరు బలమైనదైతే ముందు అక్షరాలనే, అలంకారం లేకుండా, రిజిస్టర్ చేసుకోవడం మంచిది. రేపు ప్యాకెట్ రంగు మారినా పేరు నిలుస్తుంది. పేరు బలహీనమైతే చాలామంది లేబుల్‌ను రిజిస్టర్ చేయించి చేతులు దులుపుకుంటారు. అప్పుడు హక్కు మొత్తం బొమ్మ మీదే తప్ప అందులోని ఒక్కో మాట మీద విడిగా దక్కదు. ఎర్ర ప్యాకెట్, మిరపకాయల బొమ్మ ఈ వ్యాపారంలో అందరివీ కాబట్టి అలాంటి లేబుల్ వల్ల ఒరిగేది కొంచెమే.

దరఖాస్తును పరిశీలించి అభ్యంతరాలుంటే పరీక్ష నివేదిక పంపుతారు. అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. ఏజెంటు మెయిల్ చూడకపోవడం వల్ల పోయిన పేర్లు తక్కువేమీ కావు. పరిశీలన దాటాక ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటిస్తారు. నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఎవరూ అడ్డు చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది, దరఖాస్తు ఇచ్చిన తేదీ నుంచే లెక్క. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వరసగా అయిదేళ్లకు పైగా వాడకుండా అట్టిపెట్టుకుంటే ఇతరులు కోరినప్పుడు పట్టిక నుంచి తొలగించవచ్చు.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా పేరు పక్కన 'టీఎం' అని వేసుకోవచ్చు. వలయంలో 'ఆర్' ఉన్న గుర్తు మాత్రం వేయకూడదు. రిజిస్టర్ కాని పేరును అయినట్టు చూపడం జరిమానా పడే తప్పు. ప్యాకెట్ రోళ్లు అచ్చు వేయడానికి రంగుకొక సిలిండర్ చెక్కించాలి. పేరు మారితే పేరున్న సిలిండర్లు పనికిరావు, అచ్చయిన రోల్ తుక్కు కిందకే పోతుంది. మొదటి నెలల్లో సాదా పౌచ్ మీద స్టిక్కర్ వేసి అమ్మినా సరుకు ఆగదు. జర్నల్‌లో ప్రకటన వచ్చి నాలుగు నెలలూ గడిచాకే సిలిండర్లకు ఆర్డరు ఇవ్వాలి.